పోర్ట్ అయ్యాక వచ్చిన పాత బిల్లు

ప్రశ్న: నా పోస్ట్‌పెయిడ్ ప్లాన్ నెలకు 499, జీఎస్టీ అదనం. మే 5 వరకు వచ్చిన బిల్లు కట్టేశాను. మే 15న నంబర్ వేరే కంపెనీకి పోర్ట్ అయింది. ఇప్పుడు పాత కంపెనీ 589 రూపాయల ఫైనల్ బిల్లు పంపింది. కట్టకపోతే నంబర్ ఆపేస్తామంటున్నారు. బాకీ ఉంటే అసలు పోర్ట్ అవదు కదా? ఇది కట్టాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కొంతైతే కట్టాల్సిందే. మొత్తం కట్టాలా అన్నది బిల్లులోనే తేలుతుంది.

పోర్టింగ్ కోడ్ ఇచ్చేటప్పుడు పాత కంపెనీ చూసేది అప్పటికే వచ్చిన బిల్లులు కట్టారా లేదా అన్నదే. మే 6 నుంచి మీరు వాడుకున్నదానికి అప్పటికి బిల్లే తయారవలేదు కాబట్టి అది పోర్టింగ్‌కు అడ్డు రాలేదు. ఆ మిగిలిన రోజుల లెక్కే ఫైనల్ బిల్లుగా వెనకాల వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు.

చూడాల్సింది అంకె. మీ నెల మే 6 నుంచి జూన్ 5 వరకు, అంటే 31 రోజులు. మీరు ఉన్నది 15 వరకు, 10 రోజులు. 499ని 31తో భాగించి 10తో గుణిస్తే దాదాపు 161 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 190. కానీ 499కి జీఎస్టీ కలిపితే సరిగ్గా 589 వస్తుంది. అంటే మీకు నెల మొత్తానికి అద్దె వేశారు. బిల్లు పీడీఎఫ్‌లో అద్దె పక్కన ఉన్న తేదీలు చూడండి. జూన్ 5 వరకు అని ఉంటే మీరు లేని రోజులకు కూడా లెక్క వేసినట్టే. మధ్యలో వెళ్లిపోయినా నెల అద్దె పూర్తిగా కట్టాలని మీ ప్లాన్ నిబంధనల్లో ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. లేకపోతే 399 రూపాయలు తగ్గించమని గట్టిగా అడగండి. సిమ్ తీసుకున్నప్పుడు డిపాజిట్ కట్టి ఉంటే, దాన్ని ఈ బిల్లులో సర్దారో లేదో కూడా అడగండి.

అడగడానికి 198కి ఫోన్ చేస్తే ఉపయోగం లేదు. ఇప్పుడా కాల్ కొత్త కంపెనీకే వెళ్తుంది, వాళ్లు మాకు సంబంధం లేదంటారు. పాత కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న నంబర్‌కో, మెయిల్‌కో వెళ్లండి. మెయిలే నయం, రుజువు మిగులుతుంది. బిల్లు మీదున్న అకౌంట్ నంబర్, పోర్ట్ అయిన తేదీ, పైన వేసిన లెక్క రాసి, కొత్త సిమ్ పనిచేయడం మొదలైందని వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ జత చేయండి. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబర్ తప్పక తీసుకోండి. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. ఆ వివరాలు వెతికేటప్పుడు జాబితాలో తెలంగాణ కనిపించకపోతే కంగారు పడకండి, టెలికాం లెక్కల్లో రెండు రాష్ట్రాలూ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉన్నాయి. అక్కడా పని జరగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ట్రాయ్‌కి రాసి ఎదురుచూడొద్దు, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తేల్చదు.

నంబర్ ఆపేస్తామన్నది ఉత్త బెదిరింపు కాదు. బాకీ తీరలేదని పాత కంపెనీ, కంపెనీల మధ్య పోర్టింగ్ పని నడిపే క్లియరింగ్ హౌస్ ద్వారా కొత్త కంపెనీకి చెప్పొచ్చు. అప్పుడు కొత్త కంపెనీయే మీకు నోటీసు పంపుతుంది, స్పందించకపోతే సర్వీసు ఆపేస్తుంది. అక్కడ మీరు పైసా బాకీ లేకపోయినా సరే. బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వస్తుంటే 399 కోసం అంత టెన్షన్ అవసరమా అన్నది నా అభిప్రాయం. గడువులోగా తేలకపోతే, అభ్యంతరం ఉంచుకునే కడుతున్నానని మెయిల్ పెట్టి మొత్తం కట్టేయండి, తర్వాత రీఫండ్ అడగండి.

కట్టేటప్పుడు ఒక చిక్కుంది. యూపీఐ యాప్‌లో నంబర్ కొట్టగానే కొన్నిసార్లు కొత్త కంపెనీ పేరే వచ్చేస్తుంది. తొందరలో నొక్కేస్తే డబ్బు అటు పోతుంది, పాత బాకీ అలాగే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ విభాగంలోకి వెళ్లి పాత కంపెనీని మీరే ఎంచుకోండి. 589 బిల్లు తెర మీద కనిపిస్తేనే ముందుకెళ్లండి. కనిపించకపోతే అకౌంట్ నంబర్ పట్టుకుని వాళ్ల స్టోర్‌కు వెళ్లి కట్టి రసీదు తీసుకోవడం మేలు. బాకీ వసూలు పేరుతో వచ్చే మెసేజ్‌లోని లింకుల జోలికి మాత్రం వెళ్లొద్దు.

కట్టాక బాకీ సున్నా అని మెయిల్‌లో రాయించుకోండి. బ్యాంకు యాప్‌లో పాత కంపెనీ పేరిట ఆటోపే మిగిలి ఉంటే రద్దు చేయండి. మీ ప్లాన్ కింద ఇంట్లోవాళ్ల యాడ్ ఆన్ సిమ్ ఏదైనా పాత కంపెనీలోనే ఉండిపోయిందేమో కూడా ఇప్పుడే చూసుకోండి, ఉంటే దాని బిల్లు వచ్చే నెల వేరుగా వస్తుంది.