ఒకే పడకగది, ఇద్దరి కాల్స్

అమెరికాకు కొత్తగా వచ్చి, ఒకే పడకగది ఉన్న అపార్ట్‌మెంట్‌లో చేరిన భార్యాభర్తలిద్దరూ ఇంటినుంచే పనిచేయవలసి వస్తే, చాలామంది ముందుగా చేసేది పడకగది ఒకరికి, హాలు మరొకరికి అని పంచుకోవడం. చిరాకులు ఎక్కువగా ఆ పంపకంతోనే మొదలవుతాయని నా అభిప్రాయం. తలుపు వేసుకోగల గది ఒక్కటే కనుక, దానిని మనిషికి కాక కాల్‌కు కేటాయించండి. మాట్లాడవలసినవారు లోపలికి వెళ్తారు, మౌనంగా పనిచేసేవారు హాల్లో ఉంటారు. ఇందుకు రెండుచోట్లా బల్ల, కుర్చీ, ఛార్జర్ ఉండి, ల్యాప్‌టాప్ ఒక్కటే చేతపట్టుకొని లేచేలా ఉండాలి.

ఆదివారం రాత్రి ఇద్దరి క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి, ఒకే వేళకు పడుతున్న కాల్స్‌ను మాత్రం గుర్తించండి. అటువంటప్పుడు ఎక్కువ మాట్లాడేవారికి గది ఇచ్చి, ప్రధానంగా వినేవారు హాల్లో మ్యూట్‌లో ఉండటం న్యాయం.

మనవాళ్ల ఇళ్లలో ఈ ఏర్పాటు తరచుగా నవంబరులో దెబ్బతింటుంది. ఉదాహరణకు న్యూజెర్సీలో భర్తకు అమెరికా బృందంతో ఉదయం 7 గంటలకు, భార్యకు హైదరాబాద్ బృందంతో 8 గంటలకు కాల్ ఉందనుకుందాం. ఆమె కాల్ భారత కాలమానం ప్రకారం సాయంత్రం 5:30కు పెట్టినది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడి గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, అక్కడిది మారదు. దాంతో ఆమె కాల్ కూడా 7 గంటలకే వచ్చి పడుతుంది. మార్చి రెండవ ఆదివారం వరకు ఆ ఘర్షణ రోజూ ఉంటుంది కాబట్టి, ఏ మీటింగ్ ఏ దేశపు గడియారాన్ని అనుసరిస్తోందో అక్టోబరులోనే చూసుకొని, ఇద్దరిలో ఎవరి బృందం సర్దుకోగలదో వారు ముందుగా అడగాలి.

ఇక నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ కొంటే సమస్య తీరిందనుకోకండి. అది మీ చెవికి చేరే శబ్దాన్ని తగ్గిస్తుందే కానీ, మీ గొంతును తగ్గించదు. పైగా చెవులు రెండూ మూసుకుపోయి మన మాట మనకు సరిగా వినిపించక, తెలియకుండానే గొంతు పెంచుతాము. కాల్ మాట్లాడేటప్పుడు ఒక చెవి తెరిచి ఉంచి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. పడకగది తలుపు కింది సందులో మడిచిన తువ్వాలు పెట్టినా కొంత శబ్దం ఆగుతుంది.

వంట విషయంలో నేను కొంచెం కఠినంగానే చెబుతాను. మిక్సీ, కుక్కర్, పోపు ఈ మూడూ కాల్స్ మొదలయ్యే ముందే ముగియాలి, లేదా మధ్యాహ్నం ఇద్దరికీ ఖాళీ ఉన్న వేళకు ఆగాలి. పోపు పొగకు స్మోక్ అలారం మోగితే ఏ తలుపూ ఆ శబ్దాన్ని ఆపలేదు. అలాగని దాని బ్యాటరీ తీసేయడం ప్రమాదకరం. నూనె వేడెక్కకముందే కిటికీ తెరిచి, పొయ్యి పైన ఉన్న ఫ్యాను వేయండి.