చూసేకొద్దీ ముక్కు పెద్దదవుతోంది

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. అద్దం ముందుకు వెళితే నా ముక్కు తప్ప ఇంకేమీ కనపడదు. చూసేకొద్దీ ఇంకా పెద్దదిగా అనిపిస్తోంది. ఎందుకిలా?

జవాబు: చాలావరకు మీరు చూసే పద్ధతి వల్ల. అద్దానికి జానెడు దూరంలో నిలబడి ఒక్క ముక్కునే చూస్తుంటే ముఖంలో మిగతాదంతా లెక్కలోంచి పోతుంది, చిన్న వంపు కూడా పెద్ద లోపంలా తోస్తుంది. తమ రూపం గురించి ఏ బెంగా లేనివాళ్లు సైతం అలా పది నిమిషాలు చూసుకుంటే దిగులు పెరిగినట్టు ఒక పరిశోధనలో తేలింది. (దగ్గర్నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.)

రేపు తల దువ్వుకునేటప్పుడు రెండడుగులు వెనక్కి జరగండి. ముఖమంతా ఒక్కసారి చూసి, కనిపించింది మాత్రమే చెప్పుకోండి. "ముక్కు మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది" అనడం వర్ణన. "అసహ్యంగా ఉంది" అనడం తీర్పు. దువ్వుకోవడం అవగానే అక్కణ్నుంచి వచ్చేయండి. అద్దాన్ని పూర్తిగా మానేయకండి, దానివల్ల భయం ముదురుతుంది.

ఈ ఆలోచనలకే రోజూ గంటకు పైగా పోతున్నా, ముఖం చూపించలేక కాలేజీ మానేస్తున్నా అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే, రూపంలో లోపం ఉందన్న బెంగ వదలని మానసిక సమస్య కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది ముక్కు సర్జన్ దగ్గరికి కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి. ఆపరేషన్ చేయించుకున్నా ఆ బెంగ సాధారణంగా తీరదు. మాటలతో చేసే సీబీటీ చికిత్సతో చాలామందికి తగ్గుతుంది.