అప్పుల పుస్తకం మేము నెలల వారీగా రాస్తాం

ప్రశ్న: పంట రుణం, బంగారం మీద అప్పు, డ్వాక్రా, బైకు వాయిదా, ఊళ్లో నోటు రాసి తెచ్చినది... ఇన్ని ఉన్నాయి మాకు. ఎప్పుడూ ఏదో ఒకటి గడువు దాటిపోతోంది. పుస్తకంలో ఎలా రాసుకుంటే బాగుంటుంది?

జవాబు: నెలనెలా కట్టేవాటిని మేము పెద్దగా మరిచిపోలేదండీ. డ్వాక్రా వాయిదా సంగతి సంఘంలోని వాళ్లే గుర్తు చేస్తారు. మమ్మల్ని దెబ్బతీసింది ఏడాదికి ఒక్కసారి కట్టే పంట రుణం. అసలు 1,50,000 రూపాయలు. జూలైలో తీసుకున్నామని తప్ప తేదీ మా ఇద్దరికీ గుర్తులేదు. గడువు 8వ తేదీ అయితే మేము 14న డబ్బు పట్టుకుని వెళ్లాం. వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి అందులో 3 శాతం రాయితీ ఉంటుంది. ఆరు రోజుల ఆలస్యానికి అది పోయింది. 6,000తో తేలవలసిన వడ్డీ 10,500 అయింది.

అప్పటికి మా ఇంట్లో పుస్తకం లేక కాదు. ఒక్కో అప్పుకు ఒక్కో పేజీ పెట్టాను, అదే పొరపాటు. ఆ అప్పు గుర్తొస్తేనే కదా ఆ పేజీ తిప్పేది! ఇప్పుడు మొదటి రెండు పేజీల్లో వివరాలు ఒక్కసారి రాసి (ఎవరి పేరున, ఎంత, ఏ వడ్డీకి, తీసుకున్న తేదీ, గడువు), ఆ తర్వాత నెలకు ఒక పేజీ కేటాయించాను. పంట రుణం జూలై పేజీలోనే కాదు, మే పేజీలోనూ ఉంటుంది: "జూలై 8కి అసలు, వడ్డీ సమకూర్చాలి" అని. బంగారం అప్పుకూ అంతే. దాన్ని తిరగరాయించాలంటే వడ్డీ డబ్బుతో పాటు, ఎవరి పేరున ఉందో వాళ్లు సంతకానికి వెళ్లాలి. మాది అత్తయ్య పేరున ఉంది. ఆ సమయానికి ఆవిడ కూతురి ఊరు వెళ్లకుండా చూసుకోవాలి.

ప్రతి వాయిదాకూ రెండు తేదీలు రాస్తాను. బైకు వాయిదా 5న ఖాతాలోంచి దానంతటదే కోత పడుతుంది. పుస్తకంలో "3న డబ్బు వేయాలి" అని ఉంటుంది. 5న పది గంటలకు బ్యాంకుకు వెళ్లి వేస్తే అప్పటికే కోత ప్రయత్నం విఫలమై ఉండవచ్చు. అప్పుడు బ్యాంకు ఒక రుసుము, బైకుకు అప్పిచ్చినవాళ్లు మరొకటి వేస్తారు.

వడ్డీలన్నీ ఏడాది లెక్కలోకి మార్చి రాయండి. ఊళ్లో నోటు రాసి తెచ్చిన అప్పుకు "రెండు రూపాయల వడ్డీ" అంటే చిన్నదిగా వినిపిస్తుంది గానీ, నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. అది కాగితం మీద చూశాకే ధాన్యం డబ్బు రాగానే ముందు దాన్ని తగ్గించడం మొదలుపెట్టాం.

ఆ నోటు అప్పిచ్చినాయన దగ్గరే ఉంటుంది కాబట్టి, కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించి, మా పుస్తకంలోనూ సంతకం తీసుకుంటాను. మొదటిసారి అడిగినప్పుడు "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నారు. "మీ మీద ఉంది బాబాయ్, నా జ్ఞాపకం మీదే లేదు" అన్నాను. ఇప్పుడు నేను మరిచిపోయినా ఆయనే పుస్తకం అడుగుతున్నారు.