కేస్‌షీట్‌లో మానసిక వైద్యురాలు రాసిన అరపేజీ

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. లింఫోమా అని తెలిసి ఐదు వారాలైంది. రెండో విడత కీమో మొదలై నాలుగు రోజులు, ఇంకా వార్డులోనే ఉన్నారు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. ఎవరితోనూ మాట్లాడరు. నిన్న మానసిక వైద్యురాలు చూసి వెళ్లారు. కేస్‌షీట్‌లో ఇలా ఉంది: 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, నిద్రలేమి. చనిపోతే బాగుండునన్న ఆలోచన అప్పుడప్పుడు, ప్రణాళిక లేదు. ధ్యాస బాగుంది. ప్రెడ్నిసొలోన్ ఉదయానికి మార్చాలి. మిర్టజపీన్ 7.5 మి.గ్రా. రాత్రి. వారానికి మళ్లీ చూడాలి.' నాన్నకు మతి చలించిందా? ఈ మాత్ర వాడితే అలవాటు పడిపోతారా? బాబాయి తన దగ్గరున్న ఆల్ప్రజోలం వేసి పడుకోబెట్టమంటున్నారు.

జవాబు: ముందుగా బాబాయిగారి మాత్ర సంగతి. దయచేసి వేయకండి. నొప్పికి మార్ఫిన్ జాతి మందు ఏదైనా నడుస్తుంటే, దానికి ఆల్ప్రజోలం తోడైనప్పుడు శ్వాస మందగించవచ్చు. అలాంటి మందు లేకపోయినా, కీమోతో నీరసించిన 61 ఏళ్ల మనిషి ఆ మత్తులో మూత్రానికి లేచి పడిపోవచ్చు, లేదా తెల్లవారుజామున తానెక్కడున్నాడో తెలియని అయోమయంలో పడవచ్చు. ఇప్పటికే ఒకటి వేసి ఉంటే దాచకుండా డ్యూటీ నర్సుకు చెప్పండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఆ రాత్రి నాన్నగారిని ఎంత దగ్గరగా గమనించాలో వారికి తెలియడానికి.

మీ నాన్నగారికి మతి చలించలేదు. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటే, జీవితంలో తగిలిన ఒక పెద్ద దెబ్బకు మనసు తట్టుకోలేక మామూలు బాధను దాటి నలిగిపోవడం. దెబ్బ తగిలిన మూడు నెలల లోపు మొదలవుతుంది. దానికి కారణమైన పరిస్థితి తొలగిపోయాక సాధారణంగా ఆరు నెలలకు మించి సాగదు. ఐదు వారాల క్రితం వరకు బాగున్న మనిషి ఇలా అయ్యారంటే ఆ లెక్కకు సరిపోతుంది. దీన్ని తీవ్రమైన డిప్రెషన్ అని ఎందుకు రాయలేదని కూడా మీకు అనిపించి ఉండవచ్చు. కీమో వార్డులో ఆకలి తగ్గడం, నీరసం, నిద్ర పాడవడం దాదాపు అందరిలోనూ చూస్తాం. వాటిని డిప్రెషన్ గుర్తులుగా లెక్కపెడితే వార్డంతా డిప్రెషనే అవుతుంది. అందుకే మేము వేరేచోట వెతుకుతాం. మనవరాలు ఫోను చేస్తే ముఖం కాస్తయినా విచ్చుకుంటుందా? 'నేను అందరికీ భారం, నాకిలా కావలసిందే' అని రోజంతా తనను తాను నిందించుకుంటున్నారా? మంచి వార్త చెప్పినా పట్టనట్టు ఉంటున్నారా? మళ్లీ చూసే రోజున వైద్యురాలికి మీరు చెప్పగలిగినవి ఇవే. ఆ పది నిమిషాల్లో ఆమె చూడలేనివి మీరు రోజంతా చూస్తున్నారు.

'ధ్యాస బాగుంది' అన్న రెండు మాటల వెనుక చాలా పని ఉంటుంది. మామూలుగా వారాల పేర్లు వెనక్కి చెప్పమంటాం, ఈ రోజు తేదీ, ఉన్న చోటు అడుగుతాం. మౌనంగా, మందకొడిగా పడి ఉన్న క్యాన్సర్ రోగికి దిగులనుకుంటే, అసలు సంగతి డెలీరియం కావచ్చు. అంటే ఇన్ఫెక్షన్ వల్లో, రక్తంలో లవణాలు తారుమారు కావడం వల్లో, మందుల వల్లో మెదడు గందరగోళపడటం. దానికి దిగులు మందు పనిచేయదు, కారణాన్ని వెతికి సరిచేయాలి. నిన్నటికి అది లేదు. అయితే అది గంటల్లో రాగలదు. పగలు బాగానే మాట్లాడి, చీకటి పడ్డాక మిమ్మల్ని పోల్చుకోకపోయినా, సెలైన్ గొట్టం లాగేసినా, మాట మధ్యలో తేలిపోయినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే నర్సును పిలవండి.

ఇక నిద్ర. ఆ అరపేజీలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ప్రెడ్నిసొలోన్ గురించినది. లింఫోమా కీమోలో ఈ స్టెరాయిడ్‌ను చాలావరకు రోజుకు 100 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు ఇస్తారు. చాలా పెద్ద మోతాదు అది. అందులో కొంత సాయంత్రం పడితే రాత్రి రెండింటికి మనిషి పట్టపగల్లా మేలుకుంటాడు. ఒళ్లు అలసిపోయి ఉంటుంది, బుర్ర పరుగెడుతుంటుంది. పక్క మంచం మీద ఎవరో మూలుగుతుంటారు, చీకట్లో ఆలోచనలన్నీ రోగం మీదికే పోతాయి. పొద్దున్నే టిఫిన్ తర్వాత మొత్తం మోతాదు ఇచ్చేస్తే ఈ బాధ చాలామందిలో తగ్గుతుంది. నిద్రమాత్ర రాసేముందు ఈ ఒక్కటి చూసే వైద్యులంటే నాకు గౌరవం. చార్టులో సమయం నిజంగా మారిందో లేదో మీరే వెళ్లి చూడండి. సలహా ఒక పేజీలో, మందుల చార్టు మరో పేజీలో ఉండి మార్పు జరగకుండా పోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

అలాగే రాత్రంతా సెలైన్ ఎక్కుతుంటే మూత్రానికి మూడుసార్లు లేవక తప్పదు. దాన్ని పగటికి మార్చవచ్చేమో కీమో వైద్యులను అడగండి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తున్నారా అన్నదీ చూడండి. అది కొందరిలో కాళ్లు నిలకడగా ఉంచలేని తపన పుట్టిస్తుంది. పడుకోలేరు, కూర్చోలేరు. చూసేవాళ్లకు అది ఆందోళనలాగే కనిపిస్తుంది. మందు మారిస్తే తగ్గుతుంది. పగలు మధ్యాహ్నం అరగంటకు మించి పడుకోనివ్వకండి, మంచం పక్కనైనా కుర్చీలో కూర్చోబెట్టండి.

మిర్టజపీన్ దిగులు తగ్గించే మందు. నిద్రమాత్రల జాతి కాదు, కావాలని వెంపర్లాడే అలవాటు చేయదు. తక్కువ మోతాదులో ఇది నిద్ర తెప్పిస్తుంది, ఆకలి పెంచుతుంది, వికారాన్నీ కొంత తగ్గిస్తుంది. మీ నాన్నగారి పరిస్థితికి అందుకే ఎంచుకున్నారు. నిద్ర మీద ప్రభావం మొదటి కొన్ని రాత్రుల్లోనే తెలుస్తుంది. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈ చిన్న మోతాదు నుంచి అది పెద్దగా ఆశించకూడదు కూడా. పొద్దున మగతగా ఉంటే రాత్రి ఇంకాస్త ముందుగా ఇవ్వవచ్చేమో అడగండి. చాలా అరుదుగా ఇది తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. కీమో వాటిని ఎలాగూ తగ్గిస్తుంది కాబట్టి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే ఏ వేళయినా చెప్పాల్సిందే. మీ అంతట మీరు మందు ఆపవద్దు.

చనిపోతే బాగుండునన్న మాట చదివి మీ గుండె జారిపోయి ఉంటుంది. 'ఇలా పడి ఉండేకంటే పోతేనే నయం' అనుకోవడం వేరు, ఎలా పోవాలో ఆలోచించుకోవడం వేరు. వైద్యురాలు ఆ రెండూ విడివిడిగా అడిగి, రెండోది లేదని రాశారు. మీరూ అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. 'నాన్నా, పోతే బాగుండునని డాక్టరుగారితో అన్నారట. ఇప్పుడూ అలాగే అనిపిస్తోందా?' అని పక్కన కూర్చుని అడిగి, ఆయన చెప్పేదంతా అడ్డురాకుండా వినండి. 'అలా అనకూడదు' అంటే ఆ మాట మళ్లీ మీ దగ్గర అనరు, అంతే. మాత్రలు దాచుకోవడం, ఆస్తి కాగితాలు హడావిడిగా అప్పగించడం, ఎలా పోవాలన్నది మాటల్లోకి రావడం కనిపిస్తే ఆయనను ఒంటరిగా వదలకుండా ఆ నిమిషమే వార్డు వైద్యులకు చెప్పండి.

ఒక్కటి ముందే తెలిసి ఉండాలి. రేపటితో ఈ విడత స్టెరాయిడ్ ఆగిపోతే ఆ తర్వాత రెండు మూడు రోజులు ఒళ్లు కూలబడినట్టు, మనసు మరింత దిగులుగా అనిపించవచ్చు. మాత్ర పనిచేయలేదని అప్పుడు కంగారుపడకండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎందుకు లేచారు అన్నవి ఒక కాగితం మీద రాస్తూ రండి, మళ్లీ చూసేటప్పుడు చూపించండి. మూడో విడత మొదటి రోజే మళ్లీ స్టెరాయిడ్ మొదలవుతుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, ఆ రోజు పొద్దున్నే చార్టులో సమయం చూడండి.