ఇరవై నిమిషాల వీడియో విచారణకు ముందూ, తర్వాతా

ప్రశ్న: 2018–19లో నా సేవింగ్స్ ఖాతాలో వేసిన 11,60,000 రూపాయల నగదుకు లెక్క లేదని పన్ను వేశారు. నోటీసులు నేను వాడటం మానేసిన ఈమెయిలుకు వెళ్లడంతో అప్పట్లో జవాబు ఇవ్వలేకపోయాను. అప్పీలు వేసి వీడియో విచారణ కోరితే వచ్చే బుధవారం ఉదయం 11:30కి ఇచ్చారు. మిర్చి పండిస్తాను, మా ఊళ్లో నెట్ అంతంతమాత్రం, ఆడిటర్ లేరు. ఎలా సిద్ధపడాలి? — ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు పంపిన ఉత్తర్వులో ఈ మొత్తాన్ని ఆదాయపు పన్ను చట్టం 69ఎ సెక్షన్ కింద, లెక్క చెప్పని డబ్బుగా చేర్చారు. ఆ సంవత్సరానికి అలా చేర్చిన డబ్బుపై 60 శాతం పన్ను, దానిపై 25 శాతం సర్‌చార్జి, ఆ రెండింటిపై 4 శాతం సెస్ కలిపి 78 శాతం పడుతుంది. అంటే వడ్డీ కాక 9,04,800 రూపాయలు. ఈ కేసులో మీరు చూపవలసింది ఒక్కటే: ఆ నగదు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కాగితం ఆ మాట చెబుతుందో.

ఫేస్‌లెస్ అప్పీలులో అధికారి మీ ఊరివారు కారు, మీ ముఖం ఎరుగరు. ఆయన ముందున్నది ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫైలు మాత్రమే. విచారణలో మీరు కొత్తగా చెప్పే మాట కంటే, ముందే అక్కడ ఉన్న కాగితాన్ని ఏ పేజీలో చూడాలో చెప్పే మాటకే విలువ ఎక్కువ. కాబట్టి బుధవారం కోసం ఎదురుచూడకుండా, కనీసం రెండు రోజుల ముందే పత్రాలన్నీ అప్‌లోడ్ చేయండి. పోర్టల్‌లో e-Proceedings లోకి వెళ్లి, మీ అప్పీలు నోటీసు దగ్గర Submit Response నొక్కితే ఆ అవకాశం వస్తుంది. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకుండా చూసుకోండి. పేరు కూడా ‘స్కాన్0043’ అని కాకుండా, లోపల ఏముందో చెప్పేలా పెట్టండి.

మీ 11,60,000 రూపాయలను మీ కాగితాల ప్రకారం మూడు భాగాలుగా విడదీశాను. మిర్చి అమ్మగా వచ్చింది 7,40,000. అంతకు మూడు నెలల ముందు అదే ఖాతా నుంచి తీసి, పొలం కొనడం కుదరక తిరిగి వేసింది 2,80,000. ఇంట్లో దాచుకున్నది 1,40,000. మొదటి భాగానికి యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీలు, 1బి, అడంగల్, కౌలు పొలం ఉంటే కౌలు పత్రం పెట్టాలి. పట్టీ మీద పేరు, బస్తాల సంఖ్య, తేదీ కనిపించేలా స్కాన్ చేయండి. పట్టీ తేదీకీ బ్యాంకులో వేసిన తేదీకీ మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, ఆ డబ్బు అన్నాళ్లు ఎక్కడ ఉందన్న ప్రశ్న తప్పక వస్తుంది. రెండో భాగానికి బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు, తీసిన వరుసనూ వేసిన వరుసనూ పెన్నుతో గుర్తు పెట్టండి. మూడో భాగానికి మీ దగ్గర కాగితం లేదు. దానికి కథ అల్లకండి. ఇంటి పొదుపు అని, ఇన్నేళ్ల సాగు ఆదాయంలోంచి మిగిలిందని ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క తప్పుడు కాగితం దొరికితే మిగిలిన రెండింటి మీదా అనుమానం పడుతుంది.

అన్నింటికీ వరుసగా పేజీ నంబర్లు వేసి, ముందు ఒక పేజీలో సూచిక పెట్టండి. అదే కట్ట ప్రింటు తీసి బుధవారం చేతిలో పట్టుకోండి. అధికారి ‘ఈ జనవరి జమ సంగతేమిటి?’ అని అడిగితే ‘14వ పేజీ చూడండి సార్, డిసెంబరు పట్టీ ఉంది’ అని అనగలగాలి. స్క్రీన్ షేర్ చేసి చూపించవచ్చని నమ్ముకోవద్దు. ఆ వీలు మీకు ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా బలహీనమైన నెట్‌తో పేజీ తెరుచుకునేలోపు సమయం అయిపోతుంది.

ఇక్కడ మీ కేసులో ఒక ముఖ్యమైన మెలిక ఉంది. ఈ కాగితాలేవీ పన్ను వేసిన అధికారి ముందుకు రాలేదు కనుక, అప్పీలులో ఇవి అదనపు సాక్ష్యం అవుతాయి. 46ఎ నిబంధన కింద వీటిని స్వీకరించమని విడిగా ఒక దరఖాస్తు రాసి, అప్పట్లో ఎందుకు ఇవ్వలేకపోయారో చెప్పాలి. నోటీసులు వాడుకలో లేని ఈమెయిలుకు వెళ్లడమే మీ కారణం. దానికి రుజువుగా కొత్త ఈమెయిలు పోర్టల్‌లో నమోదైన తేదీ చూపండి. ఈ దరఖాస్తు లేకుండా పట్టీలు గుట్టగా పెడితే, వాటిని చూడకుండానే పక్కన పెట్టే అవకాశం ఉంది. దరఖాస్తు స్వీకరిస్తే అధికారి వాటిపై పన్ను వేసినవారి అభిప్రాయం అడుగుతారు. అది మీకు వచ్చినప్పుడు దానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి.

కనెక్షన్ విషయంలో ఊళ్లో ఉండి సాహసం చేయవద్దు. తెనాలిలోనో గుంటూరులోనో తలుపు వేసుకోగల ఒక గది చూసుకోండి. ఒక సిమ్ నెట్ పోతే రెండోది హాట్‌స్పాట్‌గా పనికొచ్చేలా వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను పక్కన ఉంచండి. లింకు మీ నమోదైన ఈమెయిలుకు వస్తుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకును నొక్కకండి. లింకు అడిగే యాప్‌ను మంగళవారమే దించి, మైకు, కెమెరా సరిచూడండి. 11:15కే చేరండి. పాన్, ఆధార్ అసలు కార్డులు దగ్గర ఉంచండి. మీ అబ్బాయి కంప్యూటర్ బాగా చూస్తాడు కాబట్టి అతనే మాట్లాడాలనుకుంటే, బంధువును ప్రతినిధిగా పంపడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీరు సంతకం చేసిన అధికార పత్రం ముందే అప్‌లోడ్ చేయాలి. లైను తెగి తిరిగి కలవకపోతే, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు e-Proceedings లో ఆ సంగతి రాసి మరో తేదీ కోరండి.

విచారణ ముగిసేముందు ఒక్క మాట అడగండి: ‘రాతపూర్వక వాదన ఏ తేదీలోగా ఇవ్వాలి, Submit Response అప్పటిదాకా తెరిచి ఉంటుందా?’ గడువు దాటితే ఆ అవకాశం మూసుకుపోయి, చేతిలో కాగితం ఉన్నా పెట్టే చోటు ఉండదు. ఒకసారి నేను హాజరైన విచారణలో అధికారి మా వివరణ ఓపికగా విని తల ఊపారు. ఆ ధీమాతో మేము తర్వాత ఏమీ రాయలేదు. ఉత్తర్వులో ‘అప్పీలుదారు వివరణ ఇవ్వలేదు’ అని వచ్చింది. అప్పటి నుంచి ఫోను పక్కన పెట్టగానే కాగితం తీసుకుంటాను.

మీరూ అదే రోజు సాయంత్రంలోగా రెండు పేజీలు రాయండి. తేదీ, సమయం, ఎవరు హాజరయ్యారు అన్నది మొదట. తర్వాత ఆయన అడిగిన ప్రతి ప్రశ్న, మీరిచ్చిన జవాబు, దాని పేజీ నంబరు. తడబాటులో 7,40,000కు బదులు ఇంకో అంకె పలికి ఉంటే, ఇక్కడే స్పష్టంగా సరిదిద్దండి. ఆయన కొత్త పత్రం అడిగి ఉంటే జత చేయండి. వెంటనే దొరకకపోతే ఎన్ని రోజులు కావాలో కారణంతో రాయండి. చివర మీ కోరిక విడివిడిగా ఉండాలి: 11,60,000 మొత్తం తొలగించాలని, అది కుదరదనుకుంటే కనీసం పత్రాలున్న 10,20,000 తొలగించాలని. అప్‌లోడ్ అయ్యాక వచ్చే రసీదును దించి, Transaction ID తో సహా దాచండి.