షిఫ్ట్ ఇన్‌ఛార్జి దగ్గరికి వేధింపుల ఫిర్యాదు వస్తే

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నాను. ఈమధ్యే షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ప్రమోషన్ వచ్చింది. లైంగిక వేధింపుల పాలసీ అని ఇంగ్లీషులో పద్దెనిమిది పేజీలు చేతిలో పెట్టి, నాతోపాటు ప్రమోషన్ వచ్చిన నలుగురికీ అర్థమయ్యేలా ఒక్క పేజీలో రాయమన్నారు. ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏం చేయాలి? ఎవరైనా నేరుగా మా దగ్గరికే వచ్చి చెబితే మా పని ఏమిటి?

జవాబు: మీ పేజీలో మొదటి వాక్యం ఇదే రాయండి: ‘విచారణ మన పని కాదు, కమిటీ పని.’ కొత్తగా ప్రమోషన్ వచ్చినవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. ‘నేను మాట్లాడతాలే, వాడిచేత సారీ చెప్పిస్తాలే’ అంటారు. గట్టు తగాదాకి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టే అలవాటు మనది. దీనికి అది పనికిరాదు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. పై హోదాలో ఉన్న మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షురాలు. సిబ్బంది నుంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి ఒకరు సభ్యులు. మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లే ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. పీలింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన ఒకావిడ. ఊళ్ల నుంచి కూలీలను తెచ్చే కంపెనీ వ్యాన్‌లో గ్రేడింగ్ సూపర్‌వైజర్ చాలాసార్లు అసభ్యంగా ప్రవర్తించాడు. చివరిసారి మార్చి 10న. ఆవిడ మే 25న మీకు చెప్పింది. ‘ఆవిడ కాంట్రాక్టు మనిషి, అది ప్లాంటు బయట జరిగింది’ అనడానికి లేదు. కాంట్రాక్టు కూలీ కూడా ఈ చట్టం కిందికే వస్తుంది, యజమాని పెట్టిన వాహనం కూడా పనిచోటే.

రాతపూర్వక ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. పదేపదే జరిగితే చివరి సంఘటన నుంచి లెక్క, అంటే ఇక్కడ జూన్ మొదటి పది రోజుల్లోపే. తగిన కారణం ఉంటే కమిటీ ఆ కారణం రాసుకుని ఇంకో మూడు నెలల వరకు పెంచవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. మీరు రాజీ కోసం రెండు వారాలు తిప్పితే పోయేది ఆవిడ గడువే. అందుకని చెప్పిన రోజే ఆవిణ్ణి అధ్యక్షురాలి దగ్గరికో, సభ్యుల్లో ఒకరి దగ్గరికో పంపండి. చదువు రాకపోతే ఫిర్యాదు రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే.

ఫిర్యాదు జూన్ 1, సోమవారం అందిందనుకోండి. ఒక కాపీని కమిటీ ఏడు పనిదినాల్లో అవతలివాడికి పంపాలి. ఆదివారం ఒక్కటే సెలవైతే అది 9వ తేదీ. కాగితాలు అతని చేతికి అందిన దగ్గర్నుంచి జవాబుకి పది పనిదినాలు, అంటే 20వ తేదీ. విచారణ మొత్తం 90 రోజుల్లో ముగియాలి, ఇక్కడ ఆగస్టు 30 లోపు. రెండు వైపులా లాయర్లు ఉండరు (ఇది మా వృత్తికి నష్టమే, కానీ మంచి నియమం). ముగిశాక పది రోజుల్లో నివేదిక యజమానికి అందాలి, అందిన 60 రోజుల్లో యజమాని దాన్ని అమలు చేయాలి. అన్నీ చివరి తేదీదాకా పోయినా నవంబర్ 8 దాటకూడదు. సిఫార్సులు నచ్చనివాళ్లకి అప్పీలుకి 90 రోజులు ఉంటాయి. కమిటీకి, యజమానికి మీ పాలసీలో ఇంతకన్నా తక్కువ గడువులు ఉంటే అవే పాటించండి. ఎక్కువ ఉంటే మాత్రం చట్టానిదే గడువు.

విచారణ నడిచే ఆ మూడు నెలలూ ఇద్దరూ ఒకే షెడ్డులో ఉంటారుగా, అసలు టెన్షన్ అక్కడ. చాలామంది ఇన్‌ఛార్జిలు ఆవిణ్ణి నైట్ షిఫ్టుకి మార్చేసి ‘సర్దేశాం’ అనుకుంటారు. అది ఆవిడకి శిక్ష వేయడమే. ఆవిడ రాసి అడిగితే, ఇద్దరిలో ఎవరో ఒకర్ని మార్చమనో, ఆవిడకి మామూలు సెలవులు కాక మూడు నెలల వరకు సెలవు ఇమ్మనో కమిటీ సిఫార్సు చేస్తుంది. ఆవిడ పని రిపోర్టు అతను రాయకుండా కూడా ఆపించవచ్చు. యజమాని ఉత్తర్వు ఇచ్చాకే రోస్టర్‌లో మీరు చేయి పెట్టాలి.

రాజీ అనే దారి చట్టంలోనూ ఉంది. కానీ విచారణ మొదలవకముందు, ఆవిడే కోరితే, కమిటీయే చేయించాలి. డబ్బు ఇచ్చి ముగించడం కుదరదు. ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన ఆవిడ మీద చర్య తీసుకోకూడదు, దురుద్దేశంతోనో, అబద్ధమని తెలిసో పెట్టిందని, లేదా దొంగ పత్రాలు చూపిందని విచారణలో తేలితేనే చర్య. ఈ మాట మీ నలుగురికీ గట్టిగా చెప్పండి. ‘రుజువు కాకపోతే నీ పని పోతుంది’ అని బెదిరించేది ఎక్కువగా సూపర్‌వైజర్లే.

పేర్లు షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులో పడకూడదు. గోప్యత తప్పితే సర్వీసు రూల్స్ ప్రకారం చర్య, అవి లేకపోతే ఐదు వేల రూపాయల జరిమానా. ఆవిడ పోలీసుల దగ్గరికి వెళ్తానంటే ఆపకండి, అందుకు సాయం చేయాల్సింది యజమానే.

ఇక మీ పేజీ అడుగున అధ్యక్షురాలి పేరు, ఫోన్ నంబరు తెలుగులో రాసి పీలింగ్ హాల్లో అతికించండి. ఫిర్యాదు సాక్షాత్తూ యజమాని మీదే అయితే అది మీ కమిటీకి కాదు, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్తుంది. ఆ వాక్యం కూడా దాని కిందే చేర్చండి.