గుండ్రటి బల్లకు భాగహారం కుదరనప్పుడు

"క, క, మ, మ అక్షరాలను వరుసలో పెడితే 4!/(2!·2!) = 6. బల్ల చుట్టూ పెడితే 4తో భాగించాలిగా, 1.5 వస్తోంది. అసలు ఎప్పుడు భాగించాలి?"

ప్రతి అమరికా సరిగ్గా అన్నేసి సార్లు లెక్కలోకి వచ్చినప్పుడే భాగించాలండీ. ఒకటి నాలుగుసార్లు, ఇంకొకటి రెండుసార్లు వస్తే కుదరదు.

వరుసలో ఇబ్బంది లేదు. రెండు క-లకూ, రెండు మ-లకూ వేర్వేరు రంగులు వేస్తే 24 వరుసలు. రంగులు తీసేస్తే ఏ వరుసైనా కచ్చితంగా 2×2 = 4 సార్లు వచ్చి ఉంటుంది. అందుకే 24/4 = 6.

ఇప్పుడు ఆ ఆరింటినీ బల్ల చుట్టూ తిప్పి చూడండి; తిప్పితే ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చేవన్నీ బల్ల మీద ఒకే అమరిక. కకమమ తిరిగితే కమమక, మమకక, మకకమ వస్తాయి, మొత్తం నాలుగు. కమకమ మాత్రం ఒక అడుగు తిరిగితే మకమక, ఇంకో అడుగుకే మళ్లీ కమకమ. దాని గుంపులో రెండే. 4+2 = 6, అంటే ఆరూ రెండు గుంపుల్లో సరిపోయాయి కాబట్టి జవాబు 2.

నలుగురు వేర్వేరు మనుషులైతే పూర్తి చుట్టు తిరిగేదాకా పాత వరుస రాదు, అందుకే అక్కడ 4తో భాగించవచ్చు. (కుర్చీలకు నంబర్లుంటే అసలు భాగించకూడదు.)

భిన్నం వస్తే తప్పని తెలిసిపోతుంది, కానీ పూర్ణసంఖ్య వచ్చిందని నమ్మేయకండి. కకమమరరకు 90/6 = 15 వస్తుంది, నిజానికి 16. కమరకమర లాంటివి మూడడుగులకే తిరిగొచ్చేస్తాయి.

ఏదైనా అక్షరం ఒక్కసారే ఉంటే టెన్షన్ లేదు. కకమమరలో ర-ను ఒకచోట కూర్చోబెట్టి మిగతా నాలుగింటినీ వరుసగా లెక్కించండి: 6. భాగించినా 30/5 = 6.